సర్క్యులర్ రనౌట్, టోటల్ రనౌట్: ఒకే షాఫ్ట్‌ని రెండు రకాలుగా ఎలా చూడాలి

షాఫ్ట్ తిరుగుతుంటే దాని ఉపరితలం ఎంత ఊగుతుందో అదే రనౌట్. డ్రాయింగ్‌లో రనౌట్ గుర్తుకి ఒక బాణం ఉంటే అది సర్క్యులర్ రనౌట్. రెండు బాణాలు పక్కపక్కన ఉంటే టోటల్ రనౌట్. ఐఎస్‌ఓ 1101లోనూ, ఏఎస్‌ఎమ్‌ఈ వై14.5లోనూ ఇంతే. కాగితం మీద తేడా ఒక్క బాణమే కాబట్టి చాలామంది రెండింటినీ ఒకే పద్ధతిలో కొలిచేస్తారు. షాఫ్ట్‌ని వీ-బ్లాకుల మీద పెట్టి, మూడు నాలుగు చోట్ల డయల్ ఆనించి తిప్పి, ముల్లు ఎక్కువగా ఊగిన చోటి అంకె రాసేస్తారు. ఒక బాణానికి అది సరైన పద్ధతే. రెండు బాణాలకి కాదు.

నేను కొత్తగా ఇన్‌స్పెక్షన్‌లోకి వచ్చినప్పుడు ఇదే పొరపాటు చేశాను. ప్రతి చోటా డయల్‌ని మళ్లీ సున్నాకి తిప్పుకుంటూ వెళ్లి, అన్ని చోట్లా రీడింగ్ బాగుందని ఒక లాట్ షాఫ్టులను పాస్ చేశాను. తీసుకున్నవాళ్లు వాటిని వెనక్కి పంపారు. వాళ్ల డయల్ తప్పు కాదు, నాదీ కాదు. నేను డయల్‌ని ఎప్పుడు సున్నా చేశానో, ఎన్నిసార్లు చేశానో అక్కడే తప్పు జరిగింది. అందుకే ఇక్కడ ఒకే షాఫ్ట్ తీసుకుని, ఒకే సెటప్‌లో, ఒకే రీడింగుల పట్టికతో రెండు రనౌట్‌లనూ ఎలా తేల్చాలో చెబుతాను.

మన షాఫ్ట్

రెండు చివర్లా 40 మి.మీ. వ్యాసం ఉన్న బేరింగ్ జర్నల్స్ ఉన్నాయి. ఎడమది ఏ, కుడిది బీ. వాటి మధ్య దూరం 200 మి.మీ. నడుమ 50 మి.మీ. వ్యాసం, 120 మి.మీ. పొడవు ఉన్న సీటు ఉంది. దాని సైజు టాలరెన్స్ ±0.03. రనౌట్ టాలరెన్స్ 0.02, డేటమ్ ఏ-బీ. అంటే షాఫ్ట్ మెషిన్‌లో తిరిగేటప్పుడు ఏ, బీ జర్నల్స్ రెండూ కలిసి ఇచ్చే అక్షం చుట్టూనే, కొలిచేటప్పుడు కూడా షాఫ్ట్ తిరగాలి. ఇక్కడి నుంచి అంకెలన్నీ మైక్రాన్లలో రాస్తాను. 0.02 అంటే 20 మైక్రాన్లు.

20 మైక్రాన్ల టాలరెన్స్‌కి 0.01 గీతల డయల్ పనికిరాదు. మొత్తం టాలరెన్స్ రెండు గీతల్లో అయిపోతుంది, మీరు ముల్లుని అంచనాతో చదవాల్సి వస్తుంది. 0.001 లేదా 0.002 గీతలున్న డయల్ తీసుకోండి.

సెటప్: మూడు జాగ్రత్తలు

సర్ఫేస్ ప్లేట్ మీద జత వీ-బ్లాకులు పెట్టండి. ఒకే జతగా గ్రైండ్ చేసినవి కావాలి, విడివిడిగా దొరికిన రెండు కాదు. ఏ జర్నల్‌ని ఒకదాంట్లో, బీ జర్నల్‌ని ఇంకోదాంట్లో కూర్చోబెట్టండి. షాఫ్ట్ సెంటర్ రంధ్రాలు చూడగానే బెంచ్ సెంటర్ల మీదకి ఎక్కించాలనిపిస్తుంది, అది సుఖం కూడా. కానీ డ్రాయింగ్ డేటమ్ అడిగింది జర్నల్స్‌ని. సెంటర్లు, జర్నల్స్ ఒకే అక్షం మీద ఉన్నాయని మీరు విడిగా నిరూపించుకోనంత వరకు, సెంటర్ల మీద వచ్చే అంకె డ్రాయింగ్ అడిగిన అంకె కాదు.

రెండోది, షాఫ్ట్ పక్కకి జరగకుండా ఒక చివర స్టాప్ పెట్టండి. స్టాప్‌కీ షాఫ్ట్‌కీ మధ్య, సరిగ్గా సెంటర్‌లో, ఒక స్టీల్ బాల్ ఆనేలా చూడండి. చివరి ఫేస్ కొంచెం వంకరగా ఉన్నా బాల్ మీద తిరిగినప్పుడు షాఫ్ట్ ముందుకీ వెనక్కీ ఊగదు. సీటు టేపర్‌గా ఉంటే ఆ ఊగడం కూడా డయల్‌లో రనౌట్‌లా కనిపిస్తుంది.

మూడోది డయల్ కోణం. ప్లంజర్ డయల్ అయితే ప్లంజర్ షాఫ్ట్ అక్షానికి నిలువుగా, సరిగ్గా పైభాగంలో ఆనాలి. లీవర్ డయల్ అయితే దాని వేలు ఉపరితలానికి వీలైనంత సమాంతరంగా ఉండాలి. వేలు వాలితే డయల్ అసలు కదలిక కంటే ఎక్కువ చూపిస్తుంది. 30 డిగ్రీలు వాలితే చూపిన అంకెని 0.87తో గుణిస్తేనే నిజం వస్తుంది. 20 మైక్రాన్ల షాఫ్ట్ 23గా కనబడి అన్యాయంగా రిజెక్ట్ అవుతుంది.

ఇంతవరకు రెండు రనౌట్‌లకీ ఒకటే. టోటల్ రనౌట్‌కి ఇంకొకటి కావాలి: డయల్ స్టాండ్ జరిగే దారి ఏ-బీ అక్షానికి సమాంతరంగా ఉండాలి. ప్లేట్ చదునుగానే ఉంటుంది కాబట్టి, షాఫ్ట్ అక్షం ప్లేట్‌కి సమాంతరంగా ఉందా అన్నదే ప్రశ్న. స్టాండ్‌ని ప్లేట్ మీద బిగించిన ఒక స్ట్రెయిట్ ఎడ్జ్‌కి ఆనించి జరపండి. లేకపోతే డయల్ మొన షాఫ్ట్ పైగీత నుంచి పక్కకి జారిపోతుంది. అప్పుడు వచ్చే తగ్గుదల షాఫ్ట్‌ది కాదు, మీ చేతిది.

అక్షం వాలుని ముందే అంచనా వేయొచ్చు. రెండు జర్నల్స్‌నీ మైక్రోమీటర్‌తో కొలవండి. మన షాఫ్ట్‌లో ఏ 40.008, బీ 40.011. బీ 3 మైక్రాన్లు లావు. 90 డిగ్రీల వీ-బ్లాకులో, వ్యాసార్థం ఎంత పెరిగితే సెంటర్ దానికి 1.41 రెట్లు పైకి లేస్తుంది. వ్యాసార్థంలో తేడా 1.5 కాబట్టి కుడివైపు సెంటర్ సుమారు 2 మైక్రాన్లు పైన ఉంది. 200 మి.మీ.కి 2 అంటే, 100 మి.మీ.కి 1 మైక్రాన్ వాలు. ఈ ఒక్క మైక్రాన్‌ని గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

కొలవడం: పట్టిక ఒక్కటే

సీటు ఎడమ అంచు నుంచి 10, 35, 60, 85, 110 మి.మీ. దగ్గర ఐదు చోట్లు మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. డయల్‌ని మొదటి చోట ఆనించి, ముల్లు ఒక పావు చుట్టైనా లోపలికి వెళ్లేలా ఒత్తిడి ఇచ్చి, సున్నా చేయండి. ఇక ఆఖరు వరకు డయల్ చుట్టూ ఉన్న రింగుని ముట్టుకోవద్దు. ఈ ఒక్క నియమం తప్పితే టోటల్ రనౌట్ కొలత ఉండదు.

షాఫ్ట్‌ని నెమ్మదిగా ఒక పూర్తి చుట్టు తిప్పండి. ముల్లు చేరిన అతి తక్కువ, అతి ఎక్కువ అంకెలు రెండూ గుర్తుతో సహా రాయండి. తేడా ఒక్కటే రాస్తే తర్వాత ఏమీ తేల్చలేరు. తర్వాత స్టాండ్‌ని రెండో చోటికి జరిపి అలాగే చేయండి. సీటు మీద కీవే ఉంటే అది వచ్చినప్పుడు ప్లంజర్‌ని కొంచెం పైకెత్తి దాటించండి. ఆ గాడి లోతు మన లెక్కలోకి రాదు.

మన షాఫ్ట్‌కి వచ్చిన అంకెలు ఇవి, అన్నీ మైక్రాన్లలో:

| చోటు | అతి తక్కువ | అతి ఎక్కువ | ఆ చోట తేడా |
|---|---|---|---|
| 10 మి.మీ. | −5 | +6 | 11 |
| 35 మి.మీ. | 0 | +12 | 12 |
| 60 మి.మీ. | +7 | +20 | 13 |
| 85 మి.మీ. | +13 | +25 | 12 |
| 110 మి.మీ. | +18 | +29 | 11 |

ఐదో చోటు అయ్యాక అక్కడితో ఆపేయకండి. డయల్‌ని వెనక్కి మొదటి చోటికి తెచ్చి మళ్లీ ఒక చుట్టు తిప్పండి. −5, +6 మళ్లీ రావాలి. ఒకటి రెండు మైక్రాన్లు అటూ ఇటూ అయితే పర్వాలేదు. −1, +10 వచ్చిందంటే మధ్యలో స్టాండ్ జాయింటు వదులైంది, లేదా షాఫ్ట్ వేడి మారింది. 50 మి.మీ. స్టీలు ఒక డిగ్రీకి వ్యాసంలో సుమారు 0.6 మైక్రాన్లు పెరుగుతుంది. గ్రైండింగ్ మెషిన్ మీంచి దించిన వెంటనే కొలిస్తే చల్లారుతున్న షాఫ్ట్ మీ చేతిలోనే కుంచించుకుపోతూ ఉంటుంది. అలాంటప్పుడు పట్టికంతా పక్కన పెట్టి మళ్లీ కొలవాల్సిందే. ఒక్క చోటి అంకె సరిదిద్దితే సరిపోదు.

ఐదు చోట్లు చూశాక, షాఫ్ట్‌ని తిప్పుతూనే స్టాండ్‌ని మెల్లగా ఆ చివర నుంచి ఈ చివరకి ఒకసారి జరపండి. టోటల్ రనౌట్ ఉపరితలం మొత్తానికి వర్తిస్తుంది, మనం గుర్తు పెట్టుకున్న ఐదు వలయాలకి కాదు. మధ్యలో ఎక్కడైనా ముల్లు −5 కంటే కిందకి గానీ, +29 కంటే పైకి గానీ పోతే ఆ అంకెని పట్టికలో చేర్చండి.

మొదటి తీర్పు: సర్క్యులర్ రనౌట్

సర్క్యులర్ రనౌట్‌కి పట్టికలో చివరి నిలువు వరుస మాత్రమే కావాలి. ప్రతి చోటూ ఒక విడి వలయం. ఒక వలయానికి ఇంకో వలయంతో సంబంధం లేదు. ప్రతి వలయం దగ్గరా ముల్లు ఊగిన మొత్తం 20 దాటకూడదు, అంతే. మన షాఫ్ట్‌లో అన్నిటికంటే పెద్ద తేడా 13. పాస్.

ఇందుకే సర్క్యులర్ రనౌట్‌కి మీరు ప్రతి చోటా మళ్లీ సున్నా చేసుకున్నా తప్పు లేదు. మనకి కావాల్సింది ఆ వలయంలోని తేడా మాత్రమే, సున్నా ఎక్కడున్నా తేడా మారదు.

ఈ తేడాలో రెండు విషయాలు కలిసి ఉంటాయి. ఒకటి, ఆ వలయం సెంటర్ డేటమ్ అక్షం నుంచి ఎంత పక్కకి ఉంది. రెండోది, ఆ వలయం ఎంత గుండ్రంగా లేదు. సెంటర్ పక్కకి పోయింది 6 మైక్రాన్లయితే ముల్లు 12 ఊగుతుంది, ఎందుకంటే ఒక వైపు 6 పైకీ, అర చుట్టు తర్వాత 6 కిందకీ పోతుంది. ఏది ఎంతో తెలియాలంటే ముల్లు కదలికని గమనించండి. ఒక చుట్టులో ఒకసారి ఎక్కి ఒకసారి దిగితే సెంటర్ తప్పింది. రెండుసార్లు ఎక్కి రెండుసార్లు దిగితే వలయం అండాకారంగా ఉంది.

మూడుసార్లు ఎక్కి దిగితే కాస్త ఆగండి. తప్పు సీటుది కాకపోవచ్చు. సెంటర్‌లెస్ గ్రైండింగ్‌లో జర్నల్ ఒక్కోసారి మూడు మూలల గుండ్రంగా తయారవుతుంది. మైక్రోమీటర్‌కి అది ఎటు కొలిచినా ఒకే వ్యాసంగా కనిపిస్తుంది. వీ-బ్లాకులో తిప్పినప్పుడు మాత్రం షాఫ్ట్ మొత్తాన్నీ చుట్టుకి మూడుసార్లు ఎత్తి దించుతుంది. ఆ జర్నల్‌కి దగ్గరగా ఉన్న చోట్లన్నిటిలో, అదే కోణాల దగ్గర, అదే ఊపు కనిపిస్తే జర్నల్‌ని అనుమానించండి.

రెండో తీర్పు: టోటల్ రనౌట్

ఇప్పుడు చివరి నిలువు వరుసని మూసేసి, అతి తక్కువ, అతి ఎక్కువ వరుసలు రెండింటినీ చూడండి. పట్టిక మొత్తంలో అతి తక్కువ −5, మొదటి చోట. అతి ఎక్కువ +29, ఐదో చోట. రెండిటి మధ్య దూరం 34. టాలరెన్స్ 20. ఫెయిల్.

అదే షాఫ్ట్, అవే అంకెలు. ఒక బాణం ఉంటే 13తో పాస్, రెండు బాణాలుంటే 34తో ఫెయిల్. టోటల్ రనౌట్ అడిగేది ఏమిటంటే, డేటమ్ అక్షం మీద ఒకే సెంటర్‌తో రెండు సిలిండర్లు ఊహించండి, వాటి వ్యాసార్థాల మధ్య తేడా 20 మైక్రాన్లు. సీటు ఉపరితలం మొత్తం ఆ రెండిటి మధ్యే ఇమడాలి. మధ్యలో సున్నా మార్చడమంటే సీటు పొడవునా ఆ సిలిండర్లని చిన్నా పెద్దా చేసుకుంటూ పోవడమే. నేను ఆ లాట్‌లో చేసిన పని సరిగ్గా అదే.

ఇక్కడ మాటలతో వచ్చే ఒక చిక్కు చెప్పాలి. షాపులో చాలామంది ముల్లు ఊగిన మొత్తాన్ని టీఐఆర్, అంటే టోటల్ ఇండికేటర్ రీడింగ్ అంటారు, అందులో 'టోటల్' అన్న మాట ఉంది. కానీ అది ముల్లు మొత్తం కదలిక గురించి, టోటల్ రనౌట్ గురించి కాదు. సర్క్యులర్ రనౌట్‌నీ టీఐఆర్‌లోనే చెబుతారు. పాత డ్రాయింగ్‌లో 'టీఐఆర్ 0.02' అని మాత్రమే ఉండి బాణం గుర్తు లేకపోతే, ఊహించి కొలవకండి. ఒక్కో చోట విడిగానా, పొడవు మొత్తానికా అని డిజైన్‌వాళ్లని అడిగి రాయించుకోండి.

34 ఎక్కడి నుంచి వచ్చింది

ఫెయిల్ అని రాసేసి వదిలేస్తే మెషిన్ దగ్గరున్నవాళ్లకి ఏం చేయాలో తెలియదు. ప్రతి చోటా తక్కువ, ఎక్కువ అంకెల సరాసరి తీయండి: 0.5, 6, 13.5, 19, 23.5. తిప్పినప్పుడు వచ్చే ఊపు ఈ సరాసరిలో దాదాపు పోతుంది, ఆ చోట వ్యాసార్థం ఎలా మారుతోందో అదే మిగులుతుంది. ఇక్కడ అది ఎడమ నుంచి కుడికి ఒకే తీరుగా పెరుగుతోంది. 100 మి.మీ.లో 23 మైక్రాన్లు. మధ్యలో ఎక్కి రెండు చివర్లా దిగి ఉంటే పొట్ట వచ్చినట్టు. రెండు చివర్లా ఎక్కి మధ్యలో దిగితే నడుము అరిగినట్టు. మనది టేపర్.

కానీ ఇది షాఫ్ట్ టేపరా, సెటప్ వాలా? డయల్‌కి ఈ రెండిటి తేడా తెలియదు. ఇక్కడ మైక్రోమీటర్ సాయం చేస్తుంది. అది వ్యాసాన్ని నేరుగా కొలుస్తుంది, అక్షం వాలుతో దానికి పని లేదు. 10 మి.మీ. దగ్గర 49.974, 110 మి.మీ. దగ్గర 50.018 వచ్చింది. తేడా 44, అంటే వ్యాసార్థంలో 22. డయల్ చెప్పింది 23. మిగిలిన 1 మైక్రాన్ ఇందాక వీ-బ్లాకుల లెక్కలో వచ్చిన వాలు. లెక్క సరిపోయింది. టేపర్ షాఫ్ట్‌దే.

ఒకవేళ మైక్రోమీటర్ తేడా 4 మైక్రాన్లే చూపించి, డయల్ 23 చూపిస్తే, షాఫ్ట్‌ని రిజెక్ట్ చేయకండి. సెటప్ వాలి ఉంది. అనుమానం ఇంకా ఉంటే డయల్‌ని పైన కాకుండా షాఫ్ట్ కింది గీత మీద ఆనించి మళ్లీ జరపండి. నిజమైన టేపర్ అయితే పైనా కిందా కుడివైపే లావుగా కనిపిస్తుంది. వాలు అయితే పైన పెరిగింది కింద తగ్గుతుంది.

ఇంకో సంగతి గమనించండి. రెండు చోట్లా వ్యాసాలు 49.970 నుంచి 50.030 మధ్యే ఉన్నాయి. సైజులో ఈ షాఫ్ట్‌కి ఏ లోపమూ లేదు. సర్క్యులర్ రనౌట్‌లో లోపం లేదు. టోటల్ రనౌట్ ఒక్కటే ఈ టేపర్‌ని పట్టుకుంది.

ఏది ఎంతవరకు వదిలేస్తుంది

సర్క్యులర్ రనౌట్ 20 ఉన్న ఈ డ్రాయింగ్‌లో, సైజు ±0.03 కాబట్టి ఒక చివర 49.970, రెండో చివర 50.030 ఉండొచ్చు. వ్యాసార్థంలో అది 30 మైక్రాన్ల టేపర్. దాని మీద ఒక్కో చివర 20 ఊపు కూడా అనుమతే, అంటే సరాసరికి అటు 10, ఇటు 10. అన్నీ కలిపితే ముల్లు పొడవు మొత్తం మీద 50 మైక్రాన్లు తిరిగినా ఆ షాఫ్ట్ సర్క్యులర్ రనౌట్‌లో పాస్. కాబట్టి ఒక బాణం ఉన్న డ్రాయింగ్‌లో టేపర్‌కి హద్దు రనౌట్ నుంచి రాదు, సైజు టాలరెన్స్ నుంచే వస్తుంది.

టోటల్ రనౌట్ 20 అయితే ఊపూ టేపరూ ఒకే ఖాతాలోంచి తీయాలి. సీటు సెంటర్ ఏమాత్రం తప్పకుండా, ప్రతి వలయం గుండ్రంగా ఉంటే మొత్తం 20 టేపర్‌కి వాడుకోవచ్చు. అంటే వ్యాసంలో 40 తేడా వరకు. సెంటర్ 5 మైక్రాన్లు తప్పితే 10 అక్కడే ఖర్చయి, టేపర్‌కి 10 మిగులుతుంది. మన షాఫ్ట్‌లో ఊపుకే 13 దాకా పోయింది కాబట్టి టేపర్‌కి మిగిలింది 7 చిల్లరే. వచ్చింది 22.

దీన్ని తలకిందులుగా చూస్తే ఇంకో ఉపయోగం. సీటు నిలువునా ఒకే వ్యాసంతో ఉండి, సెంటర్ మాత్రం తప్పితే ఏమవుతుంది? ప్రతి చోటా −9 నుంచి +9 వస్తుంది. సర్క్యులర్ 18, టోటల్ కూడా 18. సీటు అక్షం డేటమ్‌కి వంకరగా ఉంటే, ఎడమ చివర 16, మధ్యలో 3, కుడి చివర 16 లాంటి రీడింగులు వస్తాయి, ఎడమ ఎక్కినప్పుడు కుడి దిగుతుంది. అక్కడ కూడా టోటల్ 16 దగ్గరే ఉంటుంది, ఎందుకంటే తిరిగే షాఫ్ట్‌లో ఆ వంకర కూడా ఊపుగానే కనిపిస్తుంది. టోటల్ ఎప్పుడూ అతి పెద్ద సర్క్యులర్ కంటే తక్కువ రాదు. వచ్చిందంటే ఎక్కడో అంకె తప్పు రాశారు. రెండూ దాదాపు సమానమైతే సెంటర్ లేదా గుండ్రదనం చూడాలి. టోటల్ బాగా ఎక్కువైతే పొడవునా ఆకారం చూడాలి. రిజెక్ట్ స్లిప్ మీద రెండు అంకెలూ రాస్తే గ్రైండర్ దగ్గరున్నవాళ్లకి సగం పని అయిపోయినట్టే.

ఆయిల్ సీల్ పెదవి ఆనే చోటుకి సర్క్యులర్ చాలు, ఎందుకంటే పెదవి తాకేది ఒక సన్నని వలయాన్నే. పొడవాటి స్లీవ్ కూర్చునే సీటుకీ, పొడవు మొత్తం పనిచేసే రోలర్‌కీ టోటల్ కావాలి. 8 మి.మీ. వెడల్పు ఉన్న చిన్న కాలర్‌కి రెండు బాణాలు వేస్తే ఇన్‌స్పెక్షన్ టైం పెరగడం తప్ప పెద్దగా వచ్చేది ఉండదు.

షోల్డర్ ఫేస్‌కీ ఇదే సూత్రం. ఒక వ్యాసార్థం దగ్గర డయల్ ఆనించి తిప్పితే సర్క్యులర్. సున్నా మార్చకుండా అంచు నుంచి లోపలికి జరుపుతూ తిప్పితే టోటల్. పళ్లెంలా లోపలికి గుంట పడిన ఫేస్ మొదటి పరీక్షలో హాయిగా పాస్ అవుతుంది, రెండో దాంట్లో దొరుకుతుంది.

లేత్ మీదే కొలిస్తే

పని అయ్యాక షాఫ్ట్‌ని దించకుండా, టూల్‌పోస్ట్‌కి డయల్ బిగించి క్యారేజ్‌ని నడిపి చూడడం అందరికీ అలవాటే. ఊపు వరకు అది ఉపయోగపడుతుంది. టోటల్ రనౌట్‌కి మాత్రం దాన్ని నమ్మకండి. టెయిల్‌స్టాక్ పక్కకి జరిగి ఉంటే టూల్ వాలుగా నడిచి టేపర్ కోస్తుంది. మీ డయల్ కూడా అదే క్యారేజ్ మీద, అదే దారిలో, టూల్ వైపే నడుస్తుంది. టూల్ ఎంత తప్పిందో డయల్ కూడా అంతే తప్పుతుంది, ముల్లు కదలదు. ఉన్న టేపర్ సున్నాగా కనిపిస్తుంది. డయల్‌ని షాఫ్ట్ వెనక వైపుకి మార్చి అదే క్యారేజ్‌తో నడిపితే, దాగి ఉన్న టేపర్ రెట్టింపై బయటపడుతుంది. మెషిన్ మీద త్వరగా చూడాలంటే ఈ వెనక వైపు చూపు మంచిది. తీర్పు మాత్రం ప్లేట్ మీదే ఇవ్వండి.

మన షాఫ్ట్‌ని గ్రైండింగ్‌కి తిరిగి పంపేటప్పుడు స్లిప్ మీద ఇలా రాయండి: సర్క్యులర్ 13, టోటల్ 34, కుడివైపు లావు, వ్యాసార్థంలో 100 మి.మీ.కి 22. గ్రైండింగ్ మెషిన్ టేబుల్‌ని ఎటు, ఎంత తిప్పాలో వాళ్లకి అంతే కావాలి. సన్న చివర 49.974 ఉంది, కింది హద్దు 49.970. అక్కడ వ్యాసంలో 4 మైక్రాన్లకి మించి తీయడానికి లేదు, ఆ మాట కూడా స్లిప్ మీద ఉండాలి. మొదట ఏ సెంటర్ల మీద గ్రైండ్ అయిందో వాటి మీదే మళ్లీ ఎక్కిస్తే, సన్న చివర చక్రం కేవలం తాకి వదిలేలా సెట్ చేయొచ్చు. పట్టికలోంచి టేపర్‌ని తీసేసి లెక్కేస్తే టోటల్ 14 దగ్గర రావాలి. గ్రైండ్ అయి చల్లారాక, అదే ఐదు చోట్ల, ఒకే సున్నాతో మళ్లీ కొలవండి. సర్క్యులర్ 13, టోటల్ 15 వస్తే షాఫ్ట్ రెండు బాణాలకీ పాస్. టోటల్ ఇంకా 20 పైనే ఉండి, సరాసరులు ఇప్పుడు ఎడమవైపు పెరుగుతుంటే, టేబుల్ కావలసిన దానికంటే ఎక్కువ తిరిగింది.